సబ్‌స్క్రిప్షన్ ఆపేశాక కూడా ఖాతాలోంచి డబ్బులు కట్ అయ్యాయి: మ్యాండేట్ రద్దు చేయించి రీఫండ్ తెచ్చుకున్న నా అనుభవం

2024 జూలై 5, శుక్రవారం పొద్దున్న ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఖాతాలోంచి 1,499 రూపాయలు కట్ అయ్యాయని. ఆ అంకె చూడగానే ఎక్కడికి వెళ్లిందో అర్థమైంది. మా బాబు లెక్కల క్లాసుల కోసం జనవరిలో ఒక యాప్‌లో చేర్పించాం. ప్రతి నెల 5వ తేదీన 1,499 దానికి వెళ్లేది. వాడికి స్కూల్లోనే ట్యూషన్ కుదిరింది కాబట్టి జూన్ 18న యాప్‌లోకి వెళ్లి సబ్‌స్క్రిప్షన్ రద్దు చేశాను. రద్దయిందని కంపెనీ మెయిల్ కూడా పంపింది. అయినా జూలైలో డబ్బులు పోయాయి.

కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "మేడం, మీ సబ్‌స్క్రిప్షన్ మా దగ్గర రద్దయినట్టే చూపిస్తోంది, ఇది బిల్లింగ్ వాళ్లకి పంపిస్తాను, ఏడు పనిదినాలు పడుతుంది" అంది. ఏడు పనిదినాలూ అయిపోయాయి, ఎవరూ ఫోన్ చెయ్యలేదు. అప్పుడు కూర్చుని అసలు ఈ డబ్బు ఏ దారిలో వెళ్తోందో తెలుసుకోవడం మొదలుపెట్టాను. ముందే ఆ పని చేసి ఉంటే నాకు రెండు నెలల టెన్షన్ తప్పేది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సబ్‌స్క్రిప్షన్ వేరు, మ్యాండేట్ వేరు. సబ్‌స్క్రిప్షన్ నాకూ కంపెనీకీ మధ్య ఒప్పందం. మ్యాండేట్ నేను నా బ్యాంకుకి ఇచ్చిన అనుమతి: ఫలానా కంపెనీ అడిగినప్పుడు నా ఖాతాలోంచి తీసి ఇవ్వండి అని. మొదటిది రద్దు చేసినంత మాత్రాన రెండోది దానంతట అది రద్దు కాదు. కంపెనీ తన వైపు నుంచి మ్యాండేట్ కూడా రద్దు చేయించవచ్చు, చాలా కంపెనీలు చేయిస్తాయి కూడా. చేయించకపోతే అనుమతి బ్యాంకులో అలాగే బతికి ఉంటుంది. కంపెనీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పొరపాటున ఒక్కసారి అడిగినా బ్యాంకు ఇచ్చేస్తుంది. ఎందుకంటే బ్యాంకు కంప్యూటర్‌కి నా సబ్‌స్క్రిప్షన్ సంగతి తెలియదు, మ్యాండేట్ ఉందా లేదా అన్నదే దానికి కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఆటో డెబిట్ అని మనం అన్నింటినీ ఒకే పేరుతో పిలుస్తాం గానీ, దారులు వేరు వేరు. కార్డు మీద పెట్టుకున్నవీ, యూపీఐ ఆటోపే ద్వారా పెట్టుకున్నవీ రిజర్వ్ బ్యాంకు ఈ-మ్యాండేట్ నిబంధనల కిందికి వస్తాయి. వాటిలో డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు మనకు సమాచారం రావాలి, ఆన్‌లైన్‌లోనే రద్దు చేసుకునే వీలు ఉండాలి. యూపీఐ అయితే మనం వాడే యాప్‌లోనే మ్యాండేట్ల పేజీలోకి వెళ్లి ఆపేసుకోవచ్చు. మూడో దారి నాచ్. అప్పుల ఈఎంఐలు, మ్యూచువల్ ఫండ్ సిప్‌లు, బీమా ప్రీమియంలు ఎక్కువగా వెళ్లే దారి ఇది, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థే దీన్నీ నడుపుతుంది. అక్కడ మ్యాండేట్ నేరుగా బ్యాంకు ఖాతా మీద ఉంటుంది.

మనది ఏ దారో స్టేట్‌మెంట్ చూస్తే తెలిసిపోతుంది. నా స్టేట్‌మెంట్‌లో జూలై 5 నాటి లైను `ACH D-` అని మొదలై, తర్వాత కంపెనీ పేరు, ఒక పొడుగాటి నంబరు ఉన్నాయి. అలా కనిపిస్తే అది నాచ్ డెబిట్. నేను కార్డు అనుకున్నాను, ఎందుకంటే జనవరిలో రిజిస్టర్ చేసినప్పుడు డెబిట్ కార్డు వివరాలే ఇచ్చినట్టు గుర్తు. నిజమే, ఇచ్చాను. కానీ ఆ కార్డు వాడింది నేనే ఖాతాదారుని అని రుజువు చేసుకోవడానికి మాత్రమే. మ్యాండేట్ కూర్చున్నది ఖాతా మీద. ఈ తేడా తెలియకపోతే జరిగే నష్టం ఏంటంటే, డబ్బులు ఆగుతాయని కార్డు బ్లాక్ చేయించుకుంటాం, కొత్త కార్డు కోసం ఎదురుచూస్తాం, వచ్చే నెల 5న డబ్బులు మామూలుగానే పోతాయి.

నెట్ బ్యాంకింగ్‌లో మ్యాండేట్ల పేజీ వెతికి పట్టుకున్నాను. అందులో నా మ్యాండేట్ వివరాలు చూసి గుండె జారింది. నెలకి 1,499 అని కదా నేను అనుకుంటున్నది, అక్కడ గరిష్ఠ మొత్తం 5,000 అని ఉంది. ఎంత తరచుగా అన్న చోట `As and when presented` అని ఉంది. అంటే నెలకొకసారి అన్న హద్దు కూడా లేదు, కంపెనీ ఎప్పుడు అడిగితే అప్పుడు, అడిగిన ప్రతిసారీ 5,000 దాకా ఇవ్వవచ్చు. ముగింపు తేదీ ఎన్నో ఏళ్ల దూరంలో ఉంది, రద్దు చేయకపోతే అప్పటిదాకా నడుస్తుంది. స్టేటస్ దగ్గర `Active` అని ఆకుపచ్చ అక్షరాల్లో ఉంది. జనవరిలో రిజిస్టర్ చేసేటప్పుడు ఇవన్నీ నా ఫోన్ స్క్రీన్ మీద కనిపించే ఉంటాయి. నేను కింది బటన్ మాత్రమే చూసి నొక్కాను.

అదే పేజీలో యూఎంఆర్ఎన్ అనే 20 అక్షరాల నంబరు ఉంది, మొదటి నాలుగూ ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత అంకెలు. ప్రతి నాచ్ మ్యాండేట్‌కీ ఇలాంటి నంబరు ఒక్కటే ఉంటుంది, దేశంలో ఇంకో మ్యాండేట్‌కి అదే నంబరు ఉండదు. దాన్ని కాగితం మీద రాసుకుని, పేజీని స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. కొన్ని బ్యాంకుల్లో ఈ పేజీలోనే రద్దు చేసే బటన్ ఉంటుంది. నా ఖాతాలో ఆ మ్యాండేట్ పక్కన అలాంటిదేమీ లేదు, చూడటానికి మాత్రమే ఉంది. కాబట్టి బ్రాంచికి వెళ్లక తప్పలేదు.

ఈలోగా మా మరిది ఫోన్ చేసి, "వదినా, 4వ తేదీ రాత్రి డబ్బులన్నీ అన్నయ్య ఖాతాలోకి మార్చెయ్యండి, 5న అడిగితే ఖాతా ఖాళీగా ఉంటుంది, బౌన్స్ అయిపోతుంది" అన్నాడు. వినడానికి తేలికగానే ఉంది. కానీ బ్యాలెన్స్ లేక డెబిట్ తిరిగి వెళ్తే బ్యాంకు ప్రతిసారీ ఛార్జీ వేస్తుంది. పైగా 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 ప్రకారం, బాకీ ఉన్న సొమ్ముకి ఇలా ఎలక్ట్రానిక్ డెబిట్ బౌన్స్ కావడం చెక్ బౌన్స్ లాంటి నేరమే అవుతుంది. నాకు బాకీ ఏమీ లేదు కాబట్టి ఆ కేసు నిలబడదు. కానీ బాకీ లేదని నేను రుజువు చేసుకునే పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి? ఖాళీ ఖాతా నా తప్పులా కనిపిస్తుంది, రాతపూర్వకంగా రద్దు చేస్తే నా హక్కులా కనిపిస్తుంది. మరిదికి అదే చెప్పాను.

జూలై 15, సోమవారం బ్రాంచికి వెళ్లాను. కౌంటర్‌లో ఉన్న ఆయన నా స్టేట్‌మెంట్ చూసి, "మేడం, ఇది కంపెనీ వాళ్లే క్యాన్సిల్ చెయ్యాలి, మా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నారు. చాలామంది ఈ మాట దగ్గరే వెనక్కి వచ్చేస్తారని నాకు తర్వాత తెలిసింది. నేను కంపెనీతో గొడవ పరిష్కరించమని అడగడం లేదు, నేను మీకు ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంటున్నాను, దరఖాస్తు తీసుకోండి అన్నాను. ఆయన లోపలి గదిలోని ఆఫీసర్ గారి దగ్గరికి పంపారు. ఆవిడ కూర్చోబెట్టి, తెల్ల కాగితం మీద రాసివ్వమన్నారు.

ఖాతా నంబరు, కంపెనీ పేరు, యూఎంఆర్ఎన్, సబ్‌స్క్రిప్షన్ జూన్ 18న రద్దయిందన్న సంగతి రాసి, కింద ఈ వాక్యం పెట్టాను: "పై మ్యాండేట్‌కు నేను ఇచ్చిన అనుమతిని ఈ రోజు నుంచి ఉపసంహరించుకుంటున్నాను. ఇకపై ఈ మ్యాండేట్ కింద ఏ మొత్తం అడిగినా నా ఖాతాలోంచి చెల్లించవద్దు." ఏ మొత్తం అడిగినా అన్న మాట ఎందుకు రాశానో నాకే తెలియదు, గరిష్ఠ మొత్తం 5,000 అని చూసిన భయం వల్ల అయి ఉండొచ్చు. తర్వాత ఆ మూడు మాటలే నాకు పనికొచ్చాయి. కంపెనీ పంపిన రద్దు మెయిల్ ప్రింటు జతచేశాను.

రెండో కాపీ మీద ముద్ర వేసి ఇమ్మని అడిగాను. "ఎందుకు మేడం, మేం చేసేస్తాం కదా" అన్నారు ఆవిడ. ఫర్వాలేదు, నా ఫైల్‌లో ఉంటుంది అన్నాను. బ్రాంచి గుండ్రటి ముద్ర, జూలై 15 తేదీ, పక్కన ఆవిడ పొట్టి సంతకం. ముద్ర సగం మసకగా పడింది. తేదీ కనబడటం లేదని ఇంకోసారి వేయించుకున్నాను. విసుక్కోకుండా వేశారు.

ఆగస్టు 5న మెసేజ్ వచ్చింది: 1,499 డెబిట్ తిరస్కరించారని. పని అయిపోయిందని ఊపిరి పీల్చుకున్నాను. కొద్ది సేపటికి ఇంకో మెసేజ్: డెబిట్ తిరిగి వెళ్లినందుకు ఛార్జీ 250, దాని మీద 18 శాతం జీఎస్టీ 45, మొత్తం 295 రూపాయలు కట్. రద్దు చేయమని అడిగినందుకు నాకే జరిమానా. సరే, వెళ్లి అడుగుదాం అనుకుంటూ ఉండగానే ఆగస్టు 12 సాయంత్రం మూడోది వచ్చింది. ఈసారి 1,599 రూపాయలు కట్ అయ్యాయి. అదే కంపెనీ.

చాలాసేపు అర్థం కాలేదు. 5న ఆపగలిగిన బ్యాంకు 12న ఎందుకు ఆపలేదు? నెట్ బ్యాంకింగ్ తెరిచి మ్యాండేట్ పేజీ చూశాను. స్టేటస్ ఇంకా `Active` అనే ఉంది. నిజానికి జూలైలోనే నేను ఇది ఒకసారి చూసుకుని ఉండాల్సింది. దరఖాస్తు ఇచ్చాక వారం రోజుల్లో ఆ ఒక్క మాట మారిందా లేదా అని చూడటమే అసలైన పరీక్ష. నెల తిరిగాక డెబిట్ ఆగిందా లేదా అన్నది పరీక్ష కాదు, ఎందుకంటే అది వేరే కారణం వల్ల కూడా ఆగవచ్చు. నా విషయంలో అదే జరిగింది.

మర్నాడే, ఆగస్టు 13న బ్రాంచికి వెళ్లాను. ఆఫీసర్ గారు తన కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పి చూపించారు. నా దరఖాస్తు మీద ఎవరో మ్యాండేట్ రద్దు చెయ్యలేదు, స్టాప్ పేమెంట్ పెట్టారు. చెక్కుకి పెట్టినట్టే దీనికీ పెట్టవచ్చు. పెట్టిన చోట మొత్తం అనే గడిలో 1,499 అని నింపారు, నా స్టేట్‌మెంట్‌లో ఆ అంకె ఉంది కాబట్టి. ఆగస్టు 5న కంపెనీ 1,499 అడిగింది, అంకె సరిపోయింది, సిస్టమ్ ఆపేసింది. ఆ తర్వాత కంపెనీ ధర పెంచింది కాబోలు, 12న 1,599 అడిగింది. అంకె సరిపోలేదు, అడిగింది 5,000 లోపే, మ్యాండేట్ బతికే ఉంది. సిస్టమ్ ఇచ్చేసింది.

నాకు కోపం కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. కౌంటర్ ఇవతల మనం డబ్బులు ఆపండి అంటాం. అవతల వాళ్లకి అది రెండు వేర్వేరు పనులు. స్టాప్ పేమెంట్ అంటే గుమ్మం దగ్గర కాపలా పెట్టడం, ఫలానా అంకెతో వచ్చినవాడిని లోపలికి రానివ్వకు అని. మ్యాండేట్ రద్దు అంటే గుమ్మమే మూసెయ్యడం. రద్దయితే బ్యాంకు ఆ సమాచారాన్ని ఎన్‌పీసీఐ ద్వారా కంపెనీ తరఫు బ్యాంకుకి పంపుతుంది, అక్కడి రికార్డులో కూడా మ్యాండేట్ చచ్చిపోతుంది. స్టాప్ పేమెంట్‌లో అవతలివాళ్లకి ఏమీ తెలియదు, వాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంటారు, తిరిగి వెళ్లిన ప్రతిసారీ మనకి ఛార్జీ పడే ప్రమాదం కూడా ఉంటుంది.

ఆవిడ తప్పు ఒప్పుకున్నారు, అది నేను ఇక్కడ చెప్పాలి. ఈసారి తెల్ల కాగితం కాకుండా నాచ్ మ్యాండేట్ ఫారమే తీసిచ్చారు. దాని మీద మూడు గడులు ఉంటాయి: `CREATE`, `MODIFY`, `CANCEL`. మొదట మ్యాండేట్ పెట్టడానికి వాడే ఫారమే రద్దు చెయ్యడానికీ వాడతారు. మూడో గడిలో టిక్ పెట్టి, యూఎంఆర్ఎన్ గడుల్లో ఒక్కొక్క అక్షరం చొప్పున నింపి, బ్యాంకులో ఉన్న సంతకంలాగే సంతకం చేశాను. అక్షరం సున్నాయా, ఇంగ్లీషు ఓ నా అన్న అనుమానం వస్తే స్క్రీన్‌షాట్ పెద్దది చేసి చూసుకున్నాం. దీనికీ ముద్ర వేసిన కాపీ తీసుకున్నాను.

రీఫండ్ సంగతి మాత్రం తన పరిధిలో లేదని, ఫిర్యాదు పెట్టమని చెప్పారు. అదే రోజు సాయంత్రం బ్యాంకు వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకున్నాను. బ్రాంచిలో నోటితో చెప్పినదానికి లెక్క ఉండదు. ఫిర్యాదు నంబరు పుట్టిన రోజు నుంచే గడియారం నడవడం మొదలవుతుంది.

ఆగస్టు 20న మ్యాండేట్ స్టేటస్ `Cancelled` అని మారింది. ఆ పేజీ కూడా స్క్రీన్‌షాట్ తీశాను.

ఆగస్టు 27న ఫిర్యాదుకి జవాబు వచ్చింది. రెండే రెండు వాక్యాలు. లావాదేవీ ఖాతాదారు ఇచ్చిన చెల్లుబాటయ్యే మ్యాండేట్ ప్రకారమే జరిగింది, రీఫండ్ కోసం కంపెనీని సంప్రదించండి. ఫిర్యాదు ముగించారు.

ఆ రాత్రి చాలా బాధపడ్డాను. కానీ జవాబు మళ్లీ మళ్లీ చదివాక, నా ఫిర్యాదులో ఒక లోపం కనిపించింది. పోయిన డబ్బులన్నీ కలిపి ఒకే కుప్పగా అడిగాను: జూలై 1,499, ఆగస్టు 295, ఆగస్టు 1,599, మొత్తం 3,393 తిరిగి ఇవ్వండి అని. బ్యాంకులో ఆ ఫిర్యాదు చూసినవాళ్లు మొదటి అంకె దగ్గరే ఆగి ఉంటారు. జూలై 5న నేను బ్యాంకుకి ఏమీ చెప్పలేదు. అప్పటికి మ్యాండేట్ నిజంగానే చెల్లుతుంది, బ్యాంకు తన పని తాను చేసింది. ఆ డబ్బు తీసుకున్న తప్పు కంపెనీది, ఇవ్వాల్సింది కంపెనీ. జూలై 15న బ్రాంచి ముద్ర పడిన తర్వాత పోయినవి వేరు. అప్పటికి అనుమతి లేదని బ్యాంకుకి తెలుసు. ఆ తేదీకి ముందు పోయిన ప్రతి రూపాయీ కంపెనీ లెక్క, తర్వాత పోయినది బ్యాంకు లెక్క.

అలా గీత గీసుకున్నాక ఉత్తరం రాయడం తేలికైంది. ప్రతి బ్యాంకూ తన వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల మీద పై అధికారుల పేర్లు వరుసగా పెడుతుంది, అందరికన్నా పైన ప్రిన్సిపల్ నోడల్ ఆఫీసర్ ఉంటారు. సెప్టెంబర్ 2న ఆయనకి మెయిల్ పంపాను. జూలై డబ్బు ఈ ఫిర్యాదులో అడగడం లేదని మొదటి వాక్యంలోనే రాశాను. తర్వాత జరిగింది తేదీల వారీగా నాలుగు వాక్యాల్లో చెప్పాను. జూలై 15 దరఖాస్తులో ఏ మొత్తం అడిగినా చెల్లించవద్దని రాశానని, బ్రాంచి దాన్ని ఒకే మొత్తానికి కుదించిందని, అందువల్లే 1,599 పోయిందని, పోయిన మర్నాడే ఫిర్యాదు చేశానని రాశాను. నా ఖాతాలో బ్యాలెన్స్ సరిపడా ఉండగా 295 ఛార్జీ ఎందుకు పడిందో చెప్పమన్నాను. ఆ రోజు స్టేట్‌మెంట్ పేజీ జతచేశాను, బ్యాలెన్స్ కింద గీత గీసి.

రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ఒకటి అప్పట్లో అమల్లో ఉండేది, అనుమతి లేని ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యత ఎంత అన్న దాని మీద. బ్యాంకు నిర్లక్ష్యం వల్ల జరిగితే ఖాతాదారు బాధ్యత సున్నా అనీ, తప్పు ఖాతాదారుదే అని రుజువు చెయ్యాల్సిన భారం బ్యాంకు మీదే ఉంటుందనీ అందులో ఉంది. తిరిగి వేసే డబ్బు, పోయిన తేదీ నుంచే ఖాతాలో ఉన్నట్టు లెక్కగట్టాలని కూడా ఉంది. ఆ సర్క్యులర్ ఎక్కువగా మోసాల కేసుల్లో వాడేవారు. మ్యాండేట్ విషయంలో బ్యాంకు వాదించే అవకాశం ఉంది, అందుకే నా వాదన మొత్తం దాని మీద నిలబెట్టకుండా చివర్లో ఒక వాక్యంగా పెట్టాను. బలం ముద్ర పడిన కాగితానిదే.

ఆఖర్న ఇంకొకటి రాశాను. ఫిర్యాదు నమోదై 30 రోజుల్లో పరిష్కారం కాకపోయినా, ఇచ్చిన జవాబు నాకు సమ్మతం కాకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తానని. అప్పట్లో, 2021 నవంబర్ 12న మొదలైన ఏకీకృత అంబుడ్స్‌మన్ పథకం కింద `cms.rbi.org.in` లో ఫిర్యాదు పెట్టే వీలుండేది, ఫీజు ఏమీ ఉండేది కాదు. కానీ ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. చేయకుండా నేరుగా వెళ్తే తిరస్కరిస్తారు. నేను ఫిర్యాదు పెట్టింది ఆగస్టు 13న కాబట్టి 30 రోజులు సెప్టెంబర్ 12కి పూర్తవుతాయి. ఫిర్యాదు నంబరు, జవాబు కాపీ, ముద్ర వేసిన రెండు కాగితాలు, స్టేట్‌మెంట్ అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

సెప్టెంబర్ 6న బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడినాయన చాలా ఓపికగా విన్నారు. జూలై 15 దరఖాస్తు కాపీ ఇంకోసారి పంపమన్నారు, బ్రాంచి నుంచి తమకు వచ్చిన కాపీలో ముద్ర లేదట. పంపాను. "మేడం, తేదీ స్పష్టంగా ఉంది, ఇది చాలు" అన్నారు. రెండోసారి ముద్ర వేయించుకున్న క్షణం గుర్తొచ్చింది.

సెప్టెంబర్ 11న రెండు క్రెడిట్లు పడ్డాయి. ఒకటి 1,599, ఇంకోటి 295. స్టేట్‌మెంట్‌లో లావాదేవీ తేదీ సెప్టెంబర్ 11 అని ఉన్నా, పక్కన వడ్డీ లెక్కకు తీసుకునే వాల్యూ డేట్ గడిలో ఒకదానికి ఆగస్టు 12, ఇంకోదానికి ఆగస్టు 5 అని ఉంది. అంటే నెల రోజుల వడ్డీ కూడా పోకుండా వేశారు. సేవింగ్స్ వడ్డీ ఆ మొత్తం మీద నాలుగైదు రూపాయలకు మించదు. కానీ ఆ తేదీలు చూసినప్పుడు నాకు డబ్బు వచ్చినదానికన్నా ఎక్కువ సంతోషం కలిగింది. డబ్బు ఆ రోజు నుంచీ నాదేనని బ్యాంకు రాసి ఒప్పుకున్నట్టు అనిపించింది. సర్క్యులర్ గురించి వాళ్ల జవాబులో ఒక్క మాటా లేదు.

ఇక జూలై 1,499. దాని కోసం కంపెనీకి ఫోన్ చెయ్యడం మానేసి మెయిల్ రాశాను. జూన్ 18న మీరు పంపిన రద్దు మెయిల్ ఇది, జూలై 5న మీరు తీసుకున్న డబ్బు లైను ఇది, ఆ తర్వాత మా బాబు ఒక్క క్లాసు కూడా చూడలేదని మీ రికార్డులోనే ఉంటుంది అని. మొదటి మెయిల్‌కి ఆటోమేటిక్ జవాబు వచ్చింది. రెండోదానికి జవాబుగా, తర్వాతి సబ్‌స్క్రిప్షన్‌కి వాడుకునేలా యాప్‌లో క్రెడిట్ ఇస్తామన్నారు. అక్కర్లేదు, డబ్బు తీసిన ఖాతాలోకే వెయ్యండి అన్నాను. దీనికి బ్యాంకు కన్నా ఎక్కువ సమయం పట్టింది, ఐదు మెయిళ్లు పట్టాయి.

మధ్యలో ఒకటి జరిగింది, అది చెప్పకపోతే ఈ కథ సగమే చెప్పినట్టు. సెప్టెంబర్ మూడో వారంలో అదే యాప్ నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: మీ చెల్లింపు విఫలమైంది, వివరాలు సరిచేసుకోండి అని, కింద ఒక లింకు. రీఫండ్ కోసం వివరాలు అడుగుతున్నారేమో అని తెరిచాను. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్సీ అడిగింది. ఈసారి బటన్ నొక్కకుండా పైనుంచి కిందిదాకా చదివాను. గరిష్ఠ మొత్తం 5,000, `As and when presented`. అది కొత్త మ్యాండేట్ రిజిస్ట్రేషన్ పేజీ. ఓటీపీ ఇచ్చి ఉంటే కొత్త యూఎంఆర్ఎన్ పుట్టేది, నేను రెండు నెలలు తిరిగి రద్దు చేయించినదానికి దీనితో సంబంధమే ఉండదు. పాత మ్యాండేట్ రద్దు కొత్తదాన్ని ఆపదు. రీఫండ్ వెయ్యడానికి ఎవరికీ మన ఓటీపీ అవసరం ఉండదు. పేజీ మూసేసి, లింకు తొలగించాను.

మా మరిది ఇదంతా విని తన బండి లోన్ ఈఎంఐ మ్యాండేట్ కూడా ఇలాగే రద్దు చేయించుకోవచ్చా అని అడిగాడు. చేయించుకోవచ్చు, కానీ మ్యాండేట్ పోయినంత మాత్రాన అప్పు పోదు, వాయిదా తప్పినట్టే అవుతుంది, వడ్డీ పెరుగుతుంది, క్రెడిట్ స్కోరు పడిపోతుంది. నా విషయంలో ముందు సబ్‌స్క్రిప్షన్ రద్దయింది, కంపెనీకి నేను ఇవ్వాల్సింది ఏమీ లేదని కాగితం ఉంది. ఆ తర్వాతే బ్యాంకుకి వెళ్లాను. ఈ వరుస తిరగబడితే కంపెనీ బాకీ ఉందంటుంది, అప్పుడు వాదన కష్టమవుతుంది.

అక్టోబర్ 9న జూలై నాటి 1,499 కూడా ఖాతాలో పడింది. ఇప్పటికీ ప్రతి నెల 5వ తేదీ దాటాక నెట్ బ్యాంకింగ్‌లోని మ్యాండేట్ల పేజీ ఒకసారి తెరిచి చూస్తాను. ఆ కంపెనీ పేరు పక్కన `Cancelled` అనే ఉంటోంది. దాని కింద ఇప్పుడు మా బీమా ప్రీమియం మ్యాండేట్ ఒకటి ఉంది. దాన్ని పెట్టేటప్పుడు గరిష్ఠ మొత్తం ప్రీమియం కన్నా కొంచెం మాత్రమే ఎక్కువ ఉండేలా, ఏడాదికి ఒకసారే అడిగేలా, దగ్గరి ముగింపు తేదీతో పెట్టమని ఏజెంట్ గారిని అడిగి పెట్టించుకున్నాను.